కూర్చుంటే పిర్ర లోతులో నొప్పి: పిరిఫార్మిసా, డిస్కా? తేల్చుకుని తగ్గించుకునే పద్ధతి

విశాఖలో ఫిజియోథెరపీ చేసే నన్ను ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. కూర్చుంటే ఒకవైపు పిర్రలో లోపలెక్కడో పోటు వస్తుంది, లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, మళ్లీ కూర్చోగానే మొదలవుతుంది. ఎవరికి చెప్పుకున్నా సయాటికా అనేస్తారు. కొందరు ఎంఆర్ఐ తీయించుకోమంటారు, కొందరు ఫోన్‌లో ఏదో స్ట్రెచ్ వీడియో పంపిస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. స్ట్రెచ్ మొదలుపెట్టే ముందు నొప్పి నడుము డిస్క్ నుంచి వస్తోందా, పిర్ర లోతులో ఉండే పిరిఫార్మిస్ అనే కండరం దగ్గరే పుడుతోందా చూసుకోవాలి. ఒకదానికి మేలు చేసే కదలిక రెండోదాన్ని రేపుతుంది. అందుకే ఈ వరుసలోనే వెళ్లండి. ముందు ప్రమాద సంకేతాలు, తర్వాత గుర్తుపట్టడం, ఆపైన కూర్చునే తీరు, చివరికి వ్యాయామం.

## 1. అన్నిటికన్నా ముందు: ఇవి ఉంటే చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి

- మూత్రం రాకపోవడం, వచ్చినట్టు తెలియకపోవడం, విరేచనం మీద అదుపు పోవడం
- రెండు తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారడం
- పాదం పైకి లేవకపోవడం, నడిచేటప్పుడు చెప్పు జారిపోవడం
- రెండు కాళ్లలోనూ ఒకేసారి నొప్పి, తిమ్మిరి, నీరసం రావడం
- నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం
- బండి మీద నుంచో, మెట్ల మీద నుంచో పడిన తర్వాత మొదలైన నొప్పి

మొదటి రెండింటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకూడదు. రాత్రయినా సరే, కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీకి వెళ్లాలి. నడుము కింద నరాల గుత్తి నొక్కుకుపోతే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంకొకటి. పిర్రకు ఇంజెక్షన్ వేయించుకున్న వెంటనే కాలిలోకి మంటలా పాకి, అప్పటి నుంచి నొప్పి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. సూది పిర్రలోంచి కాలిలోకి దిగే సయాటిక్ నరానికి దగ్గరగా పడి ఉండొచ్చు. దానికి ఈ వ్యాసంలోని స్ట్రెచ్‌లు మందు కావు.

## 2. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి

అరచేతితో మొత్తం పిర్ర రుద్ది "ఇక్కడంతా" అంటే ఏమీ తేలదు. ఒక్క వేలు పెట్టండి.

నడుము కింద మధ్యలో ముక్కోణపు ఎముక ఒకటి ఉంటుంది. తొడ పైభాగంలో పక్కకు చెయ్యి పెడితే గట్టిగా ఒక బుడిపె తగులుతుంది. ఈ రెండింటినీ కలుపుతూ పిర్ర లోతులో అడ్డంగా ఉండే కండరమే పిరిఫార్మిస్. శరీరంలో అన్నిటికన్నా లావైన సయాటిక్ నరం ఎక్కువమందిలో దాని కింది నుంచే కాలిలోకి దిగుతుంది. కొద్దిమందిలో నరంలో కొంత భాగం ఆ కండరం గుండానే వెళ్తుంది. కండరం బిగిసినా, దాని చుట్టూ రాపిడి వచ్చినా నరం చిరాకుపడుతుంది.

మీ వేలు ఆ గీత మధ్యలో, పిర్ర నడిభాగంలో ఆగితే పిరిఫార్మిస్ అనుమానం నిలుస్తుంది. వేరేచోట ఆగితే కథ వేరు:

- కింద, కూర్చునే ఎముక మీదే నొప్పి: తొడ వెనక కండరం అతుక్కునే చోట సమస్య కావచ్చు
- నడుము కింద గుంట పడే చోట: ముక్కోణపు ఎముక తుంటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీలు
- పక్క ఎముక మీద, ఆ వైపు పడుకుంటే ఎక్కువ: తుంటి పక్క స్నాయువులు
- గజ్జల్లో: తుంటి కీలు

ఈ నాలుగింటికీ కింద రాసిన వ్యాయామాలు అలాగే పనికిరావు. ముఖ్యంగా మొదటిదానికి గట్టి స్ట్రెచ్ చేస్తే పెరుగుతుంది.

## 3. రెండు రోజులు చీటీ రాయండి

"కూర్చుంటే ఎక్కువ" అన్న ఒక్క మాటతో పిరిఫార్మిస్ అని తేల్చేయడం చాలామంది పడే పొరపాటు. డిస్క్ నొప్పి కూడా కూర్చుంటే పెరుగుతుంది. నడుము గుండ్రంగా వంగినప్పుడు డిస్క్ మీద ఒత్తిడి వెనక్కి పడుతుంది. కాబట్టి కూర్చున్నప్పుడు దేనికి తగ్గుతోంది, దేనికి పెరుగుతోంది అన్నది చూడాలి.

ఇలా చేసి చూడండి. గట్టి కుర్చీలో నొప్పి మొదలయ్యేదాకా కూర్చోండి. మొదలవగానే టవల్ చుట్టి నడుము వెనక పెట్టుకుని నిటారుగా కూర్చోండి. రెండు మూడు నిమిషాల్లో తేలికపడితే నడుము వైపు అనుమానించాలి. టవల్ తీసేసి, ఈసారి బరువు బాగున్న పిర్ర మీదకు మార్చి కొంచెం పక్కకు ఒరగండి. దీనికి తేలికపడితే పిర్రలోనే ఏదో ఒత్తుకుంటోందని అర్థం. ఇది రుజువు కాదు కానీ మంచి ఆధారం.

చీటీలో రాయాల్సినవి:

- ఎంతసేపు కూర్చుంటే నొప్పి మొదలైంది, దేని మీద కూర్చున్నారు
- లేచాక ఎంతసేపటికి సర్దుకుంది
- దగ్గు, తుమ్ము, టాయిలెట్‌లో ముక్కడం: వీటికి జివ్వుమందా
- పొద్దున మొహం కడుక్కోవడానికి వంగితే ఎలా ఉంది
- నొప్పి మోకాలు దాటిందా, దాటితే ఏ వేలి వైపు వెళ్లింది

చివరి ప్రశ్న మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పిరిఫార్మిస్ నొప్పి ఎక్కువగా పిర్రలోనూ తొడ వెనకా ఉంటుంది. అప్పుడప్పుడూ పిక్క దాకా లాగినా ఒక గీత గీసినట్టు ఉండదు. డిస్క్ వల్ల నరం మొదలు నొక్కుకుంటే దారి స్పష్టంగా తెలుస్తుంది. నడుము చివరి పూస దగ్గర బయటికి వచ్చే ఎల్5 నరమైతే ముంగాలి బయటి వైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వస్తుంది. దాని కింద ముక్కోణపు ఎముక నుంచి వచ్చే ఎస్1 అయితే పిక్క వెనక నుంచి పాదం బయటి అంచుకి, చిటికెన వేలికి వెళ్తుంది. చాలామందికి పిర్రలో కన్నా కాలిలోనే బాధ ఎక్కువ.

## 4. ఇంట్లో చేసుకోగల నాలుగు పరీక్షలు

పక్కన ఒక మనిషి ఉంటే మంచిది. ఏ పరీక్షలోనైనా "మీ నొప్పి", అంటే రోజూ వచ్చే ఆ నొప్పే, తిరిగి వచ్చిందా అన్నది చూడాలి. తొడ వెనక మామూలుగా లాగడాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మొదట బాగున్న కాలితో చేసి, తర్వాత నొప్పి ఉన్న కాలితో చేయండి.

మడమల మీద, వేళ్ల మీద నడక. పది అడుగులు మడమల మీద, పది అడుగులు మునివేళ్ల మీద నడవండి. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద మునివేళ్ల మీదకు పదిసార్లు లేవండి. ఒక కాలు స్పష్టంగా బలహీనంగా ఉంటే మిగతా పరీక్షలు మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి వల్ల ఆగిపోవడం వేరు, బలం చాలక కాలు కూలబడటం వేరు.

వంగి చూడటం. నిలబడి మెల్లగా ముందుకు, తర్వాత వెనక్కి, ఐదేసి సార్లు వంగండి. ఇలా పదే పదే వంగినప్పుడు నొప్పి కాలిలో కిందకి దిగుతున్నా, పైకి వెనక్కి వస్తున్నా నడుముకి సంబంధం ఉందని తెలుస్తుంది. నడుము ఎటు వంచినా పిర్ర నొప్పిలో మార్పే లేకపోతే నడుము మీద అనుమానం తగ్గుతుంది.

స్లంప్ పరీక్ష. మంచం అంచున కూర్చుని చేతులు వెనక పెట్టుకోండి. నడుము వంచి కూలబడినట్టు కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించండి. అలాగే ఉండి నొప్పి ఉన్న కాలు మోకాలి దగ్గర మెల్లగా చాచండి. మీ నొప్పి వస్తే అక్కడే ఆగి, తల మాత్రం పైకెత్తండి. తల ఎత్తగానే నొప్పి తగ్గితే నరం సున్నితంగా ఉందన్న మాట, ఎందుకంటే మెడ కదలిక తొడ కండరాన్ని ముట్టుకోదు. అయితే నరం చిరాకు డిస్క్ దగ్గర మొదలైందా, పిర్ర దగ్గర మొదలైందా అన్నది ఈ ఒక్క పరీక్ష చెప్పలేదు. మోకాలి కింద గీతలా వచ్చే నొప్పి, దగ్గు నొప్పి, ఇది కలిస్తే డిస్క్ వైపు మొగ్గు బలంగా ఉంటుంది.

పిరిఫార్మిస్ పరీక్ష. బాగున్న వైపు ఒత్తిగిలి పడుకోండి. పైనున్న కాలిని తుంటి దగ్గర 60 నుంచి 90 డిగ్రీలు మడిచి, ఆ మోకాలిని మంచం అంచు దాటించి మెల్లగా కిందకి దించండి, పాదం కొంచెం పైకి ఉంచండి. పిర్ర నడిమధ్య లోతులో మీ నొప్పే వస్తే, అదే చోట వేలితో నొక్కినా వస్తే పిరిఫార్మిస్ వైపు మొగ్గుతుంది. ఒకేసారి బలంగా దించొద్దు, నొప్పి మొదలవగానే ఆపేయాలి.

## 5. ఒక ఉదాహరణ మొత్తం చూద్దాం

గాజువాకలో కుట్టుమిషన్ మీద పనిచేసే ఒకావిడ, వయసు నలభై దాటింది. కుడి పిర్రలో నొప్పి, తొడ వెనక సగం దాకా లాగుడు. ఇరవై నిమిషాలు కుట్టగానే మొదలవుతుంది. దసరా ఆర్డర్ల సమయంలో ఎక్కువైంది. ఎంఆర్ఐ రిపోర్టులో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని, అంటే నడుము నాలుగు, ఐదు పూసల మధ్య డిస్క్ బయటికి ఉబ్బిందని ఉంది. ఆ మాట చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. ఆవిడ బిందె ఎత్తడం కూడా మానేసింది.

పరీక్షలకు వద్దాం. దగ్గితే ఏమీ లేదు. పదిసార్లు వంగినా మార్పు లేదు. మడమల మీద, వేళ్ల మీద చక్కగా నడిచింది. స్లంప్‌లో రెండు కాళ్లూ ఒకేలా లాగాయి. పక్కకు పడుకుని మోకాలు దించగానే మాత్రం "అదిగో అదే" అంది. వేలితో నొక్కినప్పుడూ అదే మాట.

మరి బల్జ్? నొప్పే లేని 40 ఏళ్ల వాళ్లకు ఎంఆర్ఐ తీస్తే దాదాపు సగం మందిలో డిస్క్ బల్జ్ కనిపిస్తుంది. 80 ఏళ్ల వాళ్లలో అది 84 శాతం దాకా ఉంటుంది. కాబట్టి రిపోర్టులో ఉన్నది, మీ నొప్పి దారి, మీ పరీక్షలు, మూడూ ఒకే నరాన్ని చూపిస్తేనే బల్జ్‌ని నిందించాలి. ఆవిడ విషయంలో కలవలేదు.

తర్వాత ఆవిడ కూర్చునే తీరు చూస్తే అసలు సంగతి బయటపడింది. మిషన్‌కి మోటార్ పెట్టించుకున్నాక పెడల్ బాగా కుడి పక్కకు జరిగింది. కుడి పాదం రోజంతా బయటికి తిరిగి, మడమ నేల మీద, వేళ్లు పెడల్ మీద. సూది వైపు ఒరగడంతో బరువంతా కుడి పిర్ర మీద. చెక్క స్టూలు అంచు సరిగ్గా పిర్ర కింద గుచ్చుకుంటోంది.

ఒక మాట ఒప్పుకోవాలి. పిరిఫార్మిస్‌కి రక్తపరీక్షలా తేల్చే పరీక్ష ఏదీ లేదు. మిగతావి కాదని తేలాక, ఇవన్నీ కలిస్తే అలా అనుకుని మొదలుపెడతాం. నాలుగు నుంచి ఆరు వారాల్లో దారిలో పడకపోతే ఆ అనుకున్నదాన్నే మళ్లీ ప్రశ్నించాలి.

## 6. స్ట్రెచ్ కన్నా ముందు కూర్చునే తీరు

రోజుకి ఐదు నిమిషాలు స్ట్రెచ్ చేసి, ఎనిమిది గంటలు అదే చోట ఒత్తితే ఫలితం ఎలా ఉంటుంది? నా అనుభవంలో సగం నొప్పి ఈ మెట్టు దగ్గరే తగ్గుతుంది. అందుకే మొదటి వారం దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

నొప్పి రాకముందే లేవండి. మీ చీటీలో 25 నిమిషాలకు నొప్పి మొదలైందని ఉంటే 15 నిమిషాలకే లేవాలి. నొప్పి వచ్చాక లేస్తే నరం ఇప్పటికే రేగి ఉంటుంది, సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టండి. లేచి ఒకటి రెండు నిమిషాలు నడిస్తే చాలు. మూడు రోజులు నొప్పి లేకుండా గడిస్తే ఐదు నిమిషాలు పెంచండి.

కుర్చీ. తుంటి మోకాలి కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి, రెండు పాదాలూ నేలకు ఆనాలి. రెండు మూడు అంగుళాల మందం ఉన్న గట్టి ఫోమ్ దిండు మంచిది. మెత్తటి సోఫాలో పిర్ర దిగిపోయి మోకాళ్లు పైకి వస్తాయి, ఈ నొప్పికి అది పడదు. మొలల కోసం అమ్మే రింగు కుషన్ అంచు సరిగ్గా నొప్పి చోట పడితే ఇంకా పెరుగుతుంది.

కాలు మీద కాలు వద్దు. అలా వేసుకుంటే నాలుగో విభాగంలో చేసిన పిరిఫార్మిస్ పరీక్షని రోజంతా చేస్తున్నట్టే.

నేల మీద. భోజనాలకు, పూజకు మఠం వేసుకుని కూర్చోవాల్సి వస్తే పీట మీదో, మడిచిన దుప్పటి మీదో కూర్చోండి. నొప్పి ఉన్న కాలు పూర్తిగా మడవకండి.

వెనక జేబు. పర్సు, ఫోన్, తాళాలు అన్నీ తీసేయండి.

బండి, కారు, బస్సు. గాజువాక నుంచి మధురవాడ ఐటీ ఆఫీసులకు రోజూ వెళ్లేవాళ్లకి ప్రయాణమే పెద్ద శత్రువు. స్కూటర్ మీదైతే దారిలో ఒకచోట ఆగి దిగండి. ఎన్ఏడీ దాటాక ఎక్కడైనా సరే, రెండు నిమిషాలు నడిచి మళ్లీ ఎక్కండి. వెనక సీటు మీద ఒకవైపుగా కూర్చునే ఆడవాళ్లు కుదిరినంతవరకు రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. కారు సీటు వెనక భాగం పల్లంగా ఉంటే అక్కడ మడిచిన టవల్ వేసి సమం చేయండి. బస్సులో చివరి సీట్లు వద్దు, కుదుపులు ఎక్కువ.

పడక. బాగున్న వైపు తిరిగి, మోకాళ్ల మధ్య లావు దిండు పెట్టుకోండి. దిండు లేకపోతే పై మోకాలు జారి కండరం రాత్రంతా సాగుతూనే ఉంటుంది.

మన టైలర్ ఆవిడ చేసిన మార్పులు చిన్నవే. పెడల్ మధ్యకు జరిపింది. స్టూలు కింద చెక్క ముక్కలు వేసి ఎత్తు పెంచి, మీద గట్టి ఫోమ్ వేసుకుంది. కటింగ్, ఇస్త్రీ, హుక్కులు కుట్టడం లాంటి పనులు ఒకేసారి కాకుండా మధ్య మధ్యలో నిలబడి చేసేలా విడగొట్టుకుంది. టైమర్ పెట్టడం మరిచిపోయినా చేతిలో పని మారితే ఎలాగూ లేవాల్సిందే కదా.

## 7. మెల్లగా చేసే వ్యాయామాలు, వరుసగా

ఇవి పిరిఫార్మిస్ వైపు మొగ్గినవాళ్లకు. నొప్పిని పదికి కొలుచుకోండి. చేస్తున్నప్పుడు మూడు దాటకూడదు, గంటలోపు మామూలవ్వాలి, మర్నాడు పొద్దున ఎక్కువ ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా మర్నాడు సగమే చేయండి.

7.1 వేడి, నడక (మొదటి రోజు నుంచి). వేడినీళ్ల బ్యాగ్ టవల్‌లో చుట్టి 15 నిమిషాలు. షుగర్ ఉండి చర్మం మొద్దుబారిన వాళ్లు వేడి జాగ్రత్తగా వాడాలి, కాలినా తెలియదు. తర్వాత చదును నేల మీద పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు నడక. బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ బాగుంటుంది. ఇసుకలో వద్దు, ఒడ్డు వాలుకి ఒక కాలు కిందకి, ఒక కాలు పైకి పడి తుంటి వంకరపోతుంది. సింహాచలం మెట్లు, కైలాసగిరి ఎక్కడం కొన్ని వారాలు వాయిదా వేయండి.

7.2 నాలుగంకె స్ట్రెచ్ (నాలుగైదు రోజుల తర్వాత). వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవండి. నొప్పి ఉన్న కాలి చీలమండని రెండో మోకాలి మీద పెట్టండి. మొదటి రెండు రోజులు ఇంతే, లాగడం లేదు. 15 సెకన్లు ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉండండి. తర్వాత కింది తొడ వెనక రెండు చేతులూ వేసి, పిర్రలో తేలికగా సాగినట్టు అనిపించేదాకా ఛాతీ వైపు తెచ్చుకోండి. 20 నుంచి 30 సెకన్లు, మూడుసార్లు, పొద్దునా సాయంత్రం.

పిర్రలో సాగుడు తెలియాలి. కాలిలోకి జివ్వుమన్నా, తిమ్మిరెక్కినా కండరాన్ని దాటి నరాన్ని లాగుతున్నారు. వెంటనే సగం వదిలేయండి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు దీని బదులు మోకాలిని రెండో భుజం వైపు మెల్లగా తెచ్చుకోవచ్చు.

7.3 నరం జారుడు. ఎత్తు కుర్చీలో నిటారుగా కూర్చోండి. మోకాలు చాస్తూ తల పైకెత్తండి, మోకాలు మడుస్తూ తల దించండి. రెండూ ఒకేసారి జరగాలి. ఎక్కడా ఆపి పట్టకూడదు. పదిసార్లు, రోజుకి రెండు విడతలు. తల దించి కాలు చాస్తే అది స్లంప్ పరీక్ష అయిపోతుంది, నరం రెండు వైపులా లాగుతుంది. చాలామంది ఇక్కడే తారుమారు చేస్తారు.

7.4 బలం (నొప్పి లేకుండా కూర్చునే సమయం పెరగడం మొదలయ్యాక). బాగున్న వైపు పడుకుని మోకాళ్లు మడిచి, మడమలు కలిపి ఉంచి, పై మోకాలిని మాత్రం తెరవండి. నడుము వెనక్కి దొర్లకూడదు. దొర్లుతోందా లేదా తెలియాలంటే వీపు గోడకి ఆనించి చేయండి. ఎనిమిది నుంచి పదిసార్లు, రెండు విడతలు. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే బ్రిడ్జ్, అదే లెక్క. వీటిని రోజు విడిచి రోజు చేస్తే చాలు. పిర్ర పెద్ద కండరాలు బలహీనంగా ఉంటే వాటి పని కూడా పిరిఫార్మిస్ మీద పడుతుంది, అందుకే స్ట్రెచ్ ఒక్కటే చేసినవాళ్లకి నొప్పి మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది.

## 8. డిస్క్ వైపు మొగ్గితే ఏం మారాలి

ముందు డాక్టర్‌కి చూపించుకోండి. కాలి బలం, చీలమండ దగ్గర రిఫ్లెక్స్, చర్మం స్పర్శ వాళ్లే చూడాలి. బలం బాగుంటే భయపడాల్సిన పని తక్కువ. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బయటికి వచ్చిన డిస్క్ ముక్కని శరీరమే క్రమంగా కరిగించుకోవడం కూడా తరచూ జరిగేదే.

- నాలుగంకె స్ట్రెచ్, కాలి వేళ్లు అందుకోవడం, తొడ వెనక స్ట్రెచ్ ఇప్పటికి ఆపేయండి
- నడుము వెనక టవల్ పెట్టుకుని కూర్చోండి, తక్కువసేపు కూర్చోండి
- పొద్దున లేచిన మొదటి గంటలో ముందుకు వంగే పనులు, బరువులు వద్దు
- పూర్తిగా మంచం పట్టకండి, నొప్పి పెరగనంత నడవండి

బోర్లా పడుకుని రెండు నిమిషాలు ఉండి, తర్వాత మోచేతుల మీద లేవడం కొందరికి బాగా పనిచేస్తుంది. ఇక్కడ చూడాల్సింది నొప్పి ఎటు కదులుతోందన్నది. పిక్కలోంచి తొడకి, తొడలోంచి నడుముకి వెనక్కి వస్తుంటే, నడుములో కొంచెం పెరిగినా సరే, మంచి గుర్తు. కాలిలో ఇంకా కిందకి దిగితే వెంటనే ఆపేయండి, ఆ కదలిక మీకు పడదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకోవడం

టెన్నిస్ బంతి మీద కూర్చుని నొక్కడం. కండరం కింద నరం ఉంది. గట్టిగా నొక్కితే అప్పటికి హాయిగా ఉన్నట్టు అనిపించి, రాత్రికి కాలు మండుతుంది. చేయాలనుంటే గోడకి ఆనుకుని, మెత్తటి బంతితో, అర నిమిషం మించకుండా చేయండి. తిమ్మిరి వస్తే మానేయండి.

మోచేత్తో తొక్కించే మసాజ్. పైదానికి చెప్పిన కారణమే.

నొప్పి తగ్గగానే మానేయడం. రెండో వారంలో తేలికపడగానే ఐదు గంటలు సినిమా, ప్రయాణం పెట్టుకుంటారు. కూర్చునే సమయం మెల్లగానే పెంచాలి.

మెడికల్ షాపు మాత్రలు రోజూ. నొప్పి మాత్రలు కడుపుకి, కిడ్నీకి, బీపీకి ఇబ్బంది పెట్టగలవు. రెండు మూడు రోజులకు మించి కావాల్సి వస్తే డాక్టర్‌ని అడగండి.

పదిరకాల స్ట్రెచ్‌లు కలపడం. ఏది రేపిందో తెలియదు. ఒక కొత్తది మొదలుపెట్టాక రెండు రోజులు ఆగి ఇంకొకటి కలపండి.

## 10. తగ్గుతోందని ఎలా తెలుస్తుంది, ఎప్పుడు ముందుకు వెళ్లాలి

నొప్పి ఉందా లేదా అని రోజూ చూసుకుంటే అయోమయమే. కూర్చోగలిగే సమయం కొలవండి. మన టైలర్ ఆవిడ ఇరవై నిమిషాల దగ్గర మొదలై మూడో వారానికి ముప్పావుగంటకి వచ్చింది. ఆ మధ్యలో ఒక పెళ్లికి బస్సులో అనకాపల్లి దాటి వెళ్లొచ్చి రెండు రోజులు వెనక్కి పడింది. మళ్లీ పాత లెక్క నుంచి మొదలుపెట్టి, రెండు నెలలు తిరిగేసరికి గంటకొకసారి లేస్తూ రోజు పని పూర్తి చేసుకుంటోంది. తొడలో లాగుడు పిర్ర నొప్పి కన్నా ముందే పోయింది. సాధారణంగా అదే వరుస.

వీటిలో ఏదైనా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి:

- నాలుగు నుంచి ఆరు వారాలు సరిగ్గా చేసినా కూర్చునే సమయం పెరగకపోవడం
- నొప్పి కొత్తగా మోకాలి కిందకి దిగడం
- రాత్రి ఏ భంగిమలోనూ నిద్రపట్టకపోవడం
- కాలు బలం తగ్గుతున్న అనుమానం

వెళ్లేటప్పుడు మీ చీటీ, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి. పిరిఫార్మిస్ అనుమానం బలంగా ఉండి తగ్గకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ కండరంలోకి మత్తుమందు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. దానికి నొప్పి బాగా తగ్గితే అనుమానం బలపడుతుంది, వ్యాయామం కొనసాగించడానికి వీలూ దొరుకుతుంది. కదలకుండా కూర్చోవడం అలాగే ఉంటే ఇంజెక్షన్ ఇచ్చిన ఊరట వారాల్లో పోతుంది, కాబట్టి ఆరో విభాగం మాత్రం ఇంజెక్షన్ తర్వాత కూడా వదలకండి.